‘ధర ఎక్కువ’ అని చెప్పిందెవరు?

సంపాదకులకు,

కొత్తవాడ జంపఖానాల ఆర్డరు పానిపట్‌కు పోయిందన్న వార్త మీ జిల్లా పేజీలో చదివి పది రోజులైంది, నా చిరాకు మాత్రం ఇంకా తగ్గలేదు. ‘మన ధర ఎక్కువ’ అని ఒక అధికారి గారు తేల్చేశారు. ఆ మాట కొన్నవాళ్లు చెప్పారా, సారే అనుకున్నారా? మీ విలేకరి అడగనే లేదు.

నేనొక నేత సంఘంలో చాలా ఏళ్లు లెక్కలు రాశాను. చెయ్యి జారిన ప్రతి ఆర్డరు పక్కనా మా సేల్స్ అబ్బాయి ‘రేటు’ అని రాసేవాడు. రేటంటే తప్పు అతనిది కాదు కదా! ఒకసారి హైదరాబాద్‌లో ఒక హోటల్ 400 జంపఖానాలు మమ్మల్ని కాదని పానిపట్ వాళ్ల దగ్గర కొన్నది. మూడు వారాలు ఆగి నేనే వెళ్లాను. ఆ బేరంలో నేను లేను కాబట్టి మేనేజరుకు మొహమాటం లేదు. ‘మా దగ్గర ఎందుకు కొనలేదు’ అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా మర్యాదకు రేటనే అంటారు. ‘జంపఖానాలు కావాలనుకున్న రోజు నుంచి ఏం జరిగిందో చెప్పండి సార్’ అన్నాను.

ఆయన కూడా ముందు రేటే అన్నాడు. తేడా ఎంతంటే ముక్కకు 40 రూపాయలు. ‘అదే రేటుకు మేమిస్తే తీసుకునేవారా?’ అన్నాను. కాసేపు ఆగి లోపలి నుంచి మా శాంపిల్ తెప్పించాడు. ఎర్ర పట్టీ రంగు పక్కనున్న తెల్ల పట్టీలోకి దిగి గులాబీ అయిపోయింది. హోటల్ లాండ్రీలో రెండో ఉతుకుకే అట్లయిందట. ఫోన్ చేస్తే మావాడు ‘చేనేత అంటే అంతే సార్’ అన్నాడట! పానిపట్ వాళ్లేమో రెండు ముక్కలిచ్చి, పదిసార్లు ఉతికి చూసుకోమన్నారు. సరుకు ఏ తేదీకి వస్తుందో కాగితం మీద రాసిచ్చారు. మేము ‘పండుగ తర్వాత చూద్దాం’ అన్నాం.

అయితే ఒక్క మేనేజరు మాట పట్టుకుని రంగు మార్చేయలేం. ఆ ఏడాది పన్నెండు మందిని అడిగాను, మా దగ్గర కొన్నవాళ్లతో కలిపి. పుస్తకంలో ‘రేటు’ అని ఉన్న ఏడింటిలో నిజంగా రేటుతో పోయినవి రెండే. రంగు మాట నలుగురి నోట వచ్చింది. కొన్నవాళ్లేమో అడిగిన కొలతలో ఇరవై ముక్కలైనా నేసిస్తామనే మా దగ్గరికి వచ్చామన్నారు. అది మా బలమని మాకే తెలియదు.

2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇప్పటికీ ప్రతి సభలో చెప్తారు. ఎగ్జిబిషన్లు, రిబ్బన్లు, శాలువాలు, పక్కరోజు పేపర్లో ఫొటో. ఆ శాలువా ఏ ఊరిదో అడిగితే బాగుండదు లెండి. స్టాల్ దగ్గర చేత్తో పట్టుకుని చూసి, కొనకుండా పోయినవాళ్ల ఫోన్ నంబరు ఒక్కరూ రాసుకోరు.

రేటు ఎక్కువన్నారు కాబట్టి రేపు తగ్గిస్తారు. ఆ తగ్గేది నేసేవాడి కూలి. రంగు మాత్రం దిగుతూనే ఉంటుంది. అంతకంటే ముందు, పానిపట్‌కు ఆర్డరిచ్చిన వాళ్లకు ఇక్కడి నుంచి ఎవరైనా ఫోన్ చేశారా, ఏమడిగారు? మీ విలేకరి కనుక్కుని రాయగలరా?

– ఒక పాఠకుడు, కొత్తవాడ, వరంగల్