పద్యం పాడుతుండగానే అర్థం అయిపోతోంది

సంపాదకుడు గారికి,

మన ప్రాంతంలో జరిగే భాగవత ప్రవచనాలను భక్తి ఛానళ్ల ద్వారా విదేశాల్లోని తెలుగువాళ్లు చూస్తున్నారు. వారి కోసం కొన్ని ఛానళ్లు తెలుగు, ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు రెండూ వేస్తున్నాయి. సంతోషమే. కానీ మామూలు మాటలకు వాడే పద్ధతినే పద్యానికీ వాడుతున్నారు. అక్కడే రసమంతా పోతోంది.

గజేంద్రమోక్షంలో పోతన రాసిన ‘సిరికిం జెప్పఁడు’ పద్యమే చూడండి. మొర విన్న విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు అందుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోడు, చేతిలో ఉన్న లక్ష్మి పైట కొంగైనా వదలడు. ఇంత తొందర ఎందుకో చిట్టచివరి మాట దాకా కవి చెప్పడు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఆరాటమే అందుకు కారణం.

నేను చూసిన ప్రసారంలో ఇంగ్లిషు అర్థాన్ని ఒకే పెద్ద వాక్యంగా రాసి, ఆ కారణాన్ని మొదట్లోనే పెట్టారు. గాయకుడు ఇంకా శంఖచక్రాల దగ్గర ఉండగానే, తెలుగు రాని పిల్లలు ముగింపు చదివేశారు. పైగా రెండు భాషలూ కలిసి నాలుగైదు వరుసలై ప్రవచనకర్త ముఖాన్నే కప్పేశాయి. ఫోనులో చూసేవారికి అక్షరాలే తప్ప మనిషి కనబడడు.

తెలుగు వరుసను పాదం ప్రకారమే విరవవచ్చు, పాడేవారు అలాగే ఆగుతారు కాబట్టి. ఇంగ్లిషును మాత్రం పాదం చివర విరిస్తే కుదరదు. ఈ పద్యం మత్తేభ వృత్తం, పాదానికి ఇరవై అక్షరాలు; ఆ లెక్క నిండగానే మాట మధ్యలో ఉన్నా పాదం ముగుస్తుంది. ఈ పద్యంలో మొదటి పాదం ‘సంధింపఁ డే’ అని ఆగితే, ఆ ‘ఏ’ రెండో పాదంలోని ‘పరివారంబును’తో కలుస్తుంది. రెండో పాదం చివర ‘కర్ణికాంతర’ అన్న మాటే రెండు ముక్కలవుతుంది. అందువల్ల ఇంగ్లిషు వరుస క్రియ దగ్గర మారాలి: చెప్పడు, అందుకోడు, పిలవడు అంటూ ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న వరుస. కారణం ఆఖరి వరుసలోనే రావాలి. ప్రవచనకర్త వివరణ ఎలాగూ వెంటనే వస్తుంది, పాట నడుస్తుండగానే భావమంతా కుక్కనక్కరలేదు.

ఇంకొక మాట. సబ్‌టైటిళ్లను దృశ్యంలోనే అచ్చు వేయకుండా, ఒక్కో భాషకు విడి ఫైలుగా ఇస్తే చూసేవారు తమకు కావలసింది ఎంచుకుంటారు, వద్దనుకుంటే తీసేస్తారు. తప్పు దొరికినా వీడియోను మళ్లీ తయారుచేయకుండా ఆ ఫైలును దిద్దితే చాలు. వినికిడి తగ్గిన పెద్దవారికి తెలుగు, అమెరికాలో పుట్టిన మనవలకు ఇంగ్లిషు కావాలి. ఒకే తెర మీద రెండూ బలవంతంగా చూపించాల్సిన పని లేదు.

పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర మనకు దగ్గరే. కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే విద్యార్థులూ ఉన్నారు. ప్రసారానికి ముందే ఆ రోజు చదవబోయే పద్యాలను ప్రవచనకర్త వద్ద తీసుకుని, ఇలాంటి విద్యార్థులతో వరుసలు విరిపించమని ఛానళ్ల నిర్వాహకులను కోరుతున్నాను.

— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, హనుమకొండ