పదో తరగతి హిందీ లేఖ: పిల్లలకు అర్థమయ్యే మాటల్లో ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక చదువు పేజీలో పదో తరగతి పిల్లల కోసం మొన్న ఒక హిందీ సెలవు చీటీ అచ్చయింది. నేను చాలా ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో హిందీ చెప్పి రిటైరయ్యాను. ఆ లేఖలో వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ దాన్ని చదివే పిల్లల్ని తలచుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పక్కింటి అమ్మాయి పదో తరగతి. ఆ పేజీ కత్తిరించుకుని మా ఇంటికి వచ్చి, రెండుసార్లు తడబడకుండా అప్పజెప్పింది. "సవినయ్ నివేదన్ హై కి మైఁ ఆప్‌కే విద్యాలయ్ కీ దస్వీఁ కక్షా కా ఛాత్ర్ హూఁ" అని మొదలుపెట్టి, "జ్వర్ సే పీడిత్ హోనే కే కారణ్" మీదుగా "దో దిన్ కా అవకాశ్ ప్రదాన్ కర్నే కీ కృపా కరేఁ" దాకా వచ్చింది. ఛాత్ర్ అంటే ఎవరని అడిగాను. "స్టూడెంట్" అంది. నువ్వు అమ్మాయివి కదా, ఛాత్రా అనాలి కదా అన్నాను. పేజీలో అలా లేదు టీచర్ అంది. అవకాశ్ అంటే? "అవకాశమే కదా టీచర్, రెండు రోజులు ఛాన్స్ ఇవ్వమని."

ఆ పిల్ల తప్పేమీ కాదు. తెలుగులో అవకాశం అంటే ఛాన్సే. హిందీలో అవకాశ్ అంటే సెలవు. ఛాన్స్ అనడానికి వాళ్లు వాడే మాట అవసర్. మనకేమో అవసరం అంటే కావలసి రావడం. అందుకే పుస్తకాలు కావాలని కొట్టువాడికి రాయమంటే పిల్లలు "ముఝే కితాబోఁ కా అవసర్ హై" అని రాస్తారు. హిందీ తెలిసినవాళ్లకు అది పుస్తకాల ఛాన్స్ దొరికిందన్నట్టు వినిపిస్తుంది. ఇక లేఖ పైన "ఆవేదన్ పత్ర్" అని ఉంటే మన పిల్లలకు కన్నీళ్ల ఉత్తరంలా కనిపిస్తుంది, హిందీలో అది దరఖాస్తు మాత్రమే. "ప్రార్థనా పత్ర్" కూడా దరఖాస్తే, దేవుడి ప్రార్థన కాదు. ఈ సంస్కృత మాటలు తెలుగులోనూ ఉన్నాయి కాబట్టి పిల్లలకు సులువని చాలామంది అనుకుంటారు. నేను క్లాసులో చూసింది వేరు. తెలియని మాట అయితే పిల్లలు ఆగి అడుగుతారు. తెలిసినట్టు కనిపించే మాట దగ్గర అడగరు, తమకు తోచిన అర్థంతో సాగిపోతారు.

ప్రభుత్వ బడుల్లో పిల్లలు మామూలుగా ఆరో తరగతిలో హిందీ అక్షరాలు మొదలుపెడతారు. పదో తరగతికి వచ్చేసరికి వాళ్ల చేతిలో ఉండేది ఐదేళ్ల హిందీ. ద్వితీయ భాషగా హిందీకి పాస్ మార్కు 20 కాబట్టి, గట్టెక్కితే చాలని లేఖను బట్టీ పట్టిస్తారు. టీచర్ల ఇబ్బంది నాకు తెలుసు, నేనూ మొదట్లో అదే చేశాను. అయితే బట్టీ పట్టిన లేఖ ప్రశ్న మారిన రోజున అక్కరకు రాదు. ఒక ఏడాది మా బడి పరీక్షలో సెలవు చీటీ బదులు, పుస్తకాలు పంపమని కొట్టువాడికి లేఖ రాయమన్నాం. కొన్ని పేపర్లలో పైన పుస్తకాల కొట్టు చిరునామా ఉంది, కింద జ్వరం వచ్చింది రెండు రోజుల సెలవు ఇప్పించమని ఉంది. ఆ పేపర్లు దిద్దాకే నేను నా పద్ధతి మార్చుకున్నాను.

మార్చింది పెద్దగా ఏమీ లేదు. లేఖను ముందు తెలుగులో, ఇంట్లో మాట్లాడే వాక్యాల్లో చెప్పించాను. "నాకు జ్వరంగా ఉంది. అందుకని బడికి రాలేను. రెండు రోజులు సెలవు ఇవ్వండి." దీన్ని మాటకు మాట హిందీలో పెట్టినా తేడా రాదు. "ముఝే బుఖార్ హై. ఇస్‌లియే మైఁ స్కూల్ నహీఁ ఆ సక్తా. కృపయా దో దిన్ కీ ఛుట్టీ దీజియే." నాకు అన్నచోట ముఝే వచ్చింది, రెండు భాషల్లోనూ క్రియ చివరే ఉంది. ఇంగ్లిష్ మీదుగా ఆలోచించే పిల్లలే "మైఁ బుఖార్ హూఁ" అని రాస్తారు, అంటే నేనే జ్వరం అని. తెలుగులో ఆలోచించిన పిల్లలకు ఆ తప్పు రావడం నేను పెద్దగా చూడలేదు.

ఇప్పుడు ఒక పూర్తి లేఖ ఇస్తాను. అక్క పెళ్లికి సెలవు అడుగుతూ ఒక అమ్మాయి రాస్తోంది. పిల్లలు దీన్ని దేవనాగరిలోనే రాయాలి, మీ పాఠకులందరూ చదువుకునేందుకు తెలుగు లిపిలో పెడుతున్నాను.

తెనాలి,
10 ఫర్వరీ 2025.

సేవా మేఁ,
ప్రధానాధ్యాపక్ జీ,
హాఈ స్కూల్,
తెనాలి.

విషయ్: దో దిన్ కీ ఛుట్టీ కే లియే పత్ర్.

మహోదయ్,

మైఁ దస్వీఁ కక్షా మేఁ పఢ్‌తీ హూఁ. 12 ఫర్వరీ కో మేరీ దీదీ కీ శాదీ హై. ముఝే ఘర్ మేఁ మాఁ కీ మదద్ కర్నీ హై. ఇస్‌లియే మైఁ 12 ఔర్ 13 ఫర్వరీ కో స్కూల్ నహీఁ ఆ సక్తీ. కృపయా ముఝే దో దిన్ కీ ఛుట్టీ దీజియే.

ధన్యవాద్.

ఆప్‌కీ ఛాత్రా,
లక్ష్మీ.

అసలు విషయమంతా కలిపితే ఐదు వాక్యాలు. ఎవరు, ఎందుకు, ఎప్పుడు, ఏం కావాలి అన్నీ వచ్చాయి. ఇందులో మర్యాద తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కృపయా ఉంది, దీజియే ఉంది, ఆప్ ఉంది. హెడ్మాస్టరుకు రాసేటప్పుడు పొరపాటున కూడా ఆప్ బదులు తుమ్ అనకూడదు, దీజియే బదులు దో అనకూడదు. ఆ రెండూ స్నేహితుడికి రాసే లేఖలోవి. రెండు లేఖలూ ఒకే రాత్రి బట్టీ పడితే "ప్రియ్ మిత్ర్" కింద "సవినయ్ నివేదన్" వచ్చి కూర్చుంటుంది. బడికి పెద్ద మేడమ్ ఉంటే మహోదయ్ కాస్తా మహోదయా అవుతుంది, ప్రధానాధ్యాపక్ ప్రధానాధ్యాపికా అవుతుంది.

ఇదే లేఖ అబ్బాయి రాస్తే మారేవి కొన్నే. పఢ్‌తీ పఢ్‌తా అవుతుంది, సక్తీ సక్తా అవుతుంది, కింద ఆప్‌కా ఛాత్ర్ వస్తుంది. మేరీ దీదీ మాత్రం మేరీ దీదీగానే ఉంటుంది. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. తెలుగులో "నా అక్క", "నా తమ్ముడు", ఎవరు అన్నా నా మారదు. హిందీలో మేరా, మేరీ మారతాయని చెప్పగానే అబ్బాయిలు మేరా అనాలి, అమ్మాయిలు మేరీ అనాలి అనుకుంటారు. కాదు, ఆ మాట తర్వాత వచ్చే పేరును చూసి మారుతుంది. అబ్బాయి అయినా మేరీ దీదీయే, అమ్మాయి అయినా మేరా భాయీయే. ఛుట్టీ, శాదీ, మదద్ స్త్రీలింగం కాబట్టి వాటి ముందు కీ వచ్చింది. మదద్ వల్లే కర్నీ హై అయింది, రాసేది అబ్బాయైనా అది మారదు. హిందీ లింగాలన్నీ పదో తరగతిలో ఎవరికీ పట్టుబడవు. కానీ ఒక లేఖలో వచ్చే నాలుగైదు పేర్లకు పట్టుబడతాయి. వాడే పేర్లు తక్కువైతే తప్పులూ తక్కువే, చిన్న వాక్యాలు రాయమనడంలో నా అసలు ఉద్దేశం అదే.

రాతలో ఇంకొకటి ఉంది. దేవనాగరిలో పొట్టి ఇ గుర్తు అక్షరానికి ఎడమవైపు వస్తుంది, పొడుగు ఈ కుడివైపు. మనకు గుడి, గుడిదీర్ఘం రెండూ తల మీదే. కంగారులో పిల్లలు రెండిటినీ కుడివైపే పెట్టేస్తారు. దిన్ అంటే రోజు, దీన్ అంటే పేదవాడు. దో దీన్ కీ ఛుట్టీ అని రాస్తే పేపర్ దిద్దేవాళ్లు అర్థం చేసుకుంటారేమో గానీ తప్పు తప్పే. నివేదన్ హై కి అన్నచోట పొట్టి కి, దీదీ కీ అన్నచోట పొడుగు కీ. తెలుగులో "బడికి" అన్న కి అలవాటు కాబట్టి వినేటప్పుడు ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. పైన ఇచ్చిన లేఖలో పొట్టి కి లేదు. ఆ వాక్యం మానేస్తే ఆ గొడవే రాదు.

లేఖ రూపం గురించి బడికో మాట చెబుతారు. ఊరు, తేదీ కుడివైపు పైన రాయించే పద్ధతి ఉంది, అన్నీ ఎడమ అంచు నుంచే మొదలుపెట్టే పద్ధతీ ఉంది. పిల్లలు తమ బడిలో నేర్పిన దానికే కట్టుబడితే చాలు, సగం అదీ సగం ఇదీ చేయకూడదు. పబ్లిక్ పరీక్షలో తమ సొంత పేరు, బడి పేరు మాత్రం రాయకూడదు. ప్రశ్నలో ఇచ్చిన పేరే వాడాలి. నేను తెనాలి, లక్ష్మి అని పెట్టింది నమూనా కోసమే.

సంపాదకుడు గారూ, ఊళ్లలో గైడు కొనలేని ఇళ్లలో కూడా మీ చదువు పేజీని కత్తిరించి దాచుకుంటారు. ఈసారి పరీక్షల ముందు హిందీ లేఖలు వేసేటప్పుడు మూడు చాలు: సెలవు చీటీ, పుస్తకాలు పంపమని కొట్టువాడికి, వీధిలో చెత్త తీయించమని మునిసిపల్ కమిషనరుకు. ఒక్కోటీ ఐదారు వాక్యాలు మించకుండా, పెద్ద అక్షరాల దేవనాగరిలో, పక్కనే తెలుగు అర్థంతో వేయండి. అమ్మాయి రాస్తే ఏది మారుతుందో, అబ్బాయి రాస్తే ఏది మారుతుందో ఆ మాటల కింద గీత గీయండి. కావాలంటే ఆ మూడూ నేనే రాసి పంపుతాను.

పక్కింటి అమ్మాయి నిన్న సాయంత్రం నేను అడగకుండానే కాగితం తెచ్చి చూపించింది. వాళ్ల నాన్నమ్మకు ఒంట్లో బాగాలేదని, "దాదీ బీమార్ హైఁ" అని, ఒక రోజు సెలవు అడుగుతూ సొంతంగా రాసుకుంది. చివర ఆప్‌కీ ఛాత్రా అనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత హిందీ ఉపాధ్యాయురాలు,
తెనాలి.