నగదు ఎక్కడిదని అడిగే బ్యాంకు ఆ మాట కాగితం మీద అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఖాతాలో పెద్ద మొత్తం నగదు వేసిన కొన్నాళ్లకు బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. "ఈ డబ్బు ఎక్కడిదో రాసి, రుజువులు జతచేసి ఇవ్వండి" అంటారు. ఏ రుజువులో చెప్పరు. ఖాతాదారు కంగారుగా "ఇది నా కష్టార్జితం, ఇందులో అక్రమమేమీ లేదు" అని రెండు ముక్కలు రాసిస్తాడు. అది సరిపోదు. మళ్లీ పిలుస్తారు, ఈలోగా ఖాతా ఆగిపోయినా ఆగిపోవచ్చు. ఇందులో ఇద్దరి లోపమూ ఉంది కాబట్టి ఇద్దరికీ పనికొచ్చేలా కొన్ని మాటలు రాస్తున్నాను.

బ్యాంకు అడగడంలో తప్పు లేదు. అక్రమ ధనం బ్యాంకుల్లోకి చేరకుండా చూడటానికి 1989లో ఏర్పడిన ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అనే అంతర్జాతీయ సంస్థ 40 సిఫార్సులు చేసింది. చాలా దేశాల బ్యాంకు నిబంధనలకు అవే మూలం. ఖాతాదారు ఆదాయానికీ అతని లావాదేవీలకూ పొంతన ఉందో లేదో చూడటం వాటి ప్రకారం బ్యాంకు బాధ్యత. కాబట్టి మనం తేల్చి చెప్పాల్సింది మన మంచితనం గురించి కాదు, ఈ నగదు ఎవరి చేతి నుంచి, ఏ తేదీన, ఎంత మన చేతికొచ్చింది, అప్పటి నుంచి బ్యాంకులో వేసేదాకా ఎక్కడుంది అన్నదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆగస్టు 14న ఒక వ్యక్తి 7,35,000 నగదు వేశాడు. అందులో 4,20,000 పాత కారు అమ్మితే వచ్చింది. 2,50,000 ఇంటి మరమ్మతు కోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో తన ఖాతా నుంచే తీసి, పని ఆగిపోవడంతో ఇంట్లో ఉంచింది. మిగిలిన 65,000 కొన్నేళ్లుగా ఇంటి ఖర్చుల్లో మిగుల్చుకున్నది. అతని లేఖ మొదటి వాక్యంలోనే ఖాతా నంబరు, జమ చేసిన తేదీ, మొత్తం ఉండాలి. తర్వాత ఈ మూడు భాగాలూ విడివిడిగా రావాలి. మూడూ కూడితే సరిగ్గా 7,35,000 కావాలి. "సుమారు నాలుగు లక్షలు" అన్న మాట లేఖలో ఎక్కడా ఉండకూడదు. లెక్క కలవని లేఖను చదివే అధికారికి మిగతా కాగితాల మీద కూడా నమ్మకం సడలుతుంది.

కారు డబ్బుకు అమ్మకం ఒప్పందం, యాజమాన్యం మారినట్టు కాగితం, కొన్నవారి ఐడీ కాపీ చాలని చాలామంది అనుకుంటారు. వీటికంటే బలమైనది ఇంకొకటుంది. కొన్నవారు ఆ నగదు తమ బ్యాంకు నుంచి తీసిన రోజు స్టేట్‌మెంటు పేజీ. వాళ్లు ఇష్టపడి ఇస్తే దాన్ని తప్పక జతచేయాలి. మన సంతకంతో మనం రాసుకున్న ప్రమాణపత్రం కంటే, డబ్బు చేతులు మారిన రోజుల్లోనే వేరొకరి దగ్గర పుట్టిన కాగితానికి విలువ ఎక్కువ. ఒప్పందంలో ధర 3,80,000 అనీ చేతికి 4,20,000 వచ్చిందనీ తేలితే, ఆ 40,000 తేడాను ఇంటి పొదుపులో కలిపేయాలన్న ఆలోచన రావచ్చు. అలా చేయొద్దు. తేడా ఎందుకొచ్చిందో ఉన్నదున్నట్టు రాయాలి. పాత తేదీతో కొత్త రశీదు రాయించడం అంతకంటే పెద్ద తప్పు. అప్పటిదాకా అది వివరణ లేని డబ్బు మాత్రమే. దొంగ కాగితం చేరాక అది మోసం కేసు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం వచ్చేది రెండో భాగం మీదే. మార్చిలో తీసిన డబ్బు ఆగస్టు దాకా ఖర్చు కాకుండా ఉందని ఎలా నమ్మడం? 1,50,000, 1,00,000 తీసిన రెండు ఎంట్రీలున్న పేజీలు మాత్రమే ఇస్తే చాలదు. మార్చి నుంచి ఆగస్టు వరకు పూర్తి స్టేట్‌మెంటు ఇవ్వాలి. ఆ ఐదారు నెలలూ ప్రతి నెలా ఇంటి ఖర్చుకు తీసే చిన్న మొత్తాలు ఎప్పటిలాగే కనిపిస్తుంటే, పెద్ద మొత్తం కదలలేదన్న మాటకు అదే సాక్ష్యం. ఏప్రిల్ నుంచి ఏటీఎంలో ఒక్కసారీ తీయకపోతే, కార్డు ఖర్చు కూడా కనిపించకపోతే, ఆ నగదుతోనే ఇల్లు గడిచిందని అధికారి లెక్క వేస్తాడు. ఆ లెక్క సహేతుకమే. మరమ్మతు కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేటు, పని రద్దయినట్టు వచ్చిన మెసేజి ప్రింటు కూడా జతచేస్తే డబ్బు ఎందుకు తీశారో, ఎందుకు మిగిలిందో రెండూ తెలుస్తాయి. ఆ ఖాతాలోకి డబ్బు జీతంగా వచ్చిందని ఒక వాక్యం రాసి, జీతం పడిన ఎంట్రీలను గుర్తుపెట్టి చూపాలి.

మూడో భాగానికి కాగితం లేదు. లేదనే రాయాలి. ఆదాయంతో పోలిస్తే చిన్న మొత్తమై, మిగతా రెండు భాగాలూ గట్టిగా ఉంటే దాన్ని ఒప్పుకునే అవకాశం ఉంటుంది. మొత్తమంతా "ఇంట్లో దాచుకున్నది" అంటేనే చిక్కు.

ఇంత నగదు ఒకేసారి వేస్తే అడుగుతారని, రోజుకు కొంత చొప్పున వేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ మాట వినొద్దు. ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టు కనిపించే జమలను బ్యాంకు కలిపే చూస్తుంది. పెద్ద నగదు జమలను బ్యాంకు ప్రభుత్వానికి తెలపాల్సిన పరిమితి తప్పించుకోవడానికి ఇలా విడగొట్టడం కొన్ని దేశాల్లో దానికదే నేరం, డబ్బు న్యాయమైనదైనా సరే.

జతపరిచిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, లేఖలో ఆ మాట వచ్చినచోట ఆ నంబరు రాయాలి. అసలు కాగితాలు మన దగ్గరే ఉంచుకుని కాపీలు ఇవ్వాలి. లేఖ రెండో ప్రతి మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోవాలి.

ఇక బ్యాంకుల సంగతి. అనుమానాస్పద లావాదేవీగా ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగానికి నివేదిక పంపితే ఆ విషయం ఖాతాదారుకు చెప్పకూడదన్న నియమం ఉంది. అది అవసరమైన నియమమే. కానీ దాన్ని సాకుగా చూపి ఏ కాగితం తక్కువైందో కూడా చెప్పకపోవడం అన్యాయం. నివేదిక సంగతి దాచమన్న నియమం, ఫలానా తేదీ స్టేట్‌మెంటు కావాలని అడగొద్దనలేదు. ఏ తేదీన వేసిన ఏ మొత్తం గురించి అడుగుతున్నారో, ఏయే కాగితాలు కావాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో బ్యాంకు రాతపూర్వకంగా అడగాలి. అందిన లేఖకు రశీదు ఇవ్వాలి. వివరణ చాలకపోతే "సంతృప్తికరంగా లేదు" అని ఊరుకోకుండా, ఏ భాగానికి ఏ రుజువు తగ్గిందో రాసి పంపాలి. ఈ మూడింటినీ శాఖలకు తప్పనిసరి చేస్తూ బ్యాంకు యాజమాన్యాలు ఆదేశాలు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అకౌంటెంటు