మీ మావయ్య స్టూడియో లెన్సుల సంగతి

ఒరేయ్ శీనూ,

మీ మావయ్య స్టూడియో పాత లెన్సులు ఏమిటో, నీ కెమెరాకి ఎక్కుతాయో లేదో చెప్పమని నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నాలుగు లెన్సులూ తెలిశాయి, ఐదోది తెలియలేదు. అది తెలియకపోవడం నీ ఫోటో పుణ్యమే, ఆ గొడవ చివర్లో చెప్తా. ముందు ఒక మాట, అన్నిటికీ ముందు గ్లాసు వైపు నుంచే తీసి పంపావు. ముందు నుంచి చూస్తే లెన్సు ఏమిటో తెలుస్తుంది కానీ ఏ కెమెరాకి ఎక్కుతుందో తెలియదురా. ఎక్కే సంగతంతా వెనకాలే ఉంటుంది. అదృష్టం కొద్దీ రెండింటికి వెనక ఫోటో కూడా పెట్టావు, మిగతా రెండు పక్క నుంచి తీసిన వాటితో పట్టుకున్నాను.

నీ దగ్గరున్నది కెనాన్ 1500డి కాబట్టి దాన్ని బట్టే చెప్తాను. ఆ బాడీ మౌంట్, అంటే లెన్సు బిగించే చోటు, దాని అంచు నుంచి సెన్సర్ దాకా దూరం 44 మిల్లీమీటర్లు. ఈ అంకె ఒక్కటి గుర్తుపెట్టుకో. ఏ పాత లెన్సుకైనా తన సొంత దూరం ఒకటి ఉంటుంది, అది 44 కంటే ఎక్కువైతే మిగిలిన ఖాళీలో సన్నటి రింగ్ అడాప్టర్ పెట్టి బిగించుకోవచ్చు. తక్కువైతే లెన్సు కెమెరా లోపలికి జరగాలి, అది కుదరదు కదా. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మొదటిది, "సూపర్-టకుమార్ 1:1.8/55, అసాహి" అని ముందు రింగు మీద ఉన్నది. నువ్వు స్కేలు పెట్టి కొలిచి "49 ఎంఎం మౌంట్" అని రాశావు చూడు, అది మౌంట్ కాదురా బాబూ, ముందు ఫిల్టర్ బిగించే థ్రెడ్ సైజు. కొన్ని లెన్సుల మీద సున్నాకి అడ్డగీత గీసిన గుర్తు పక్కన 49, 52, 55 అని రాసి ఉంటుంది, అదీ ఇదే. పాత సామాన్లు అమ్మేవాళ్లు కూడా ఈ అంకె చూసి "52 ఎంఎం లెన్స్" అని ప్రకటన పెడుతుంటారు, కొనేవాడు అది ఫోకల్ లెంగ్త్ అనుకుంటాడు. 1:1.8 అంటే అపెర్చర్, అదే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిస్తే ఎఫ్1.8 అని, 55 అన్నది ఫోకల్ లెంగ్త్. ఇప్పుడు వెనక ఫోటో చూడు. కొంచెం తిప్పితే బిగిసే బయోనెట్ పళ్లు లేవు, నీళ్ల సీసా మూతికి ఉన్నట్టు మర చుట్లు ఉన్నాయి. ఆ అంచు దగ్గర చిన్న ఇనప పిన్ను ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. బ్యారెల్ మీద అపెర్చర్ రింగ్ దగ్గర ఆటో, మాన్యువల్ మార్చే స్విచ్ కూడా ఉంది. ఈ మూడూ కలిస్తే ఎం42 అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. 42 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకి 1 మిల్లీమీటర్ ఎడం. దీని దూరం 45.46, నీ కెనాన్ 44 తీసేస్తే 1.46 మిల్లీమీటర్ల ఖాళీ. ఒక సన్న రింగ్ చాలు, దూరంలో కొండ కూడా ఫోకస్ అవుతుంది.

ఆ స్విచ్‌ని మాన్యువల్ వైపు పెట్టి వాడు. ఆటోలో ఉంచితే, పిన్నుని నొక్కేవాడు ఎవడూ లేడు కాబట్టి, రింగ్ ఎంత తిప్పినా అపెర్చర్ బ్లేడ్లు తెరిచే ఉంటాయి. అప్పుడు లెన్సు పాడైందని గగ్గోలు పెడతావు. ఇంకో విషయం, స్విచ్ లేని ఎం42 లెన్సులూ ఉంటాయి, వాటికి పిన్నుని లోపలికి నొక్కి ఉంచే అంచు ఉన్న అడాప్టర్ తీసుకోవాలి. "ఆటో" అన్న మాట చూసి ఆటో ఫోకస్ అని మురిసిపోకు, ఆ రోజుల్లో ఆటో అంటే క్లిక్ కొట్టిన క్షణంలో అపెర్చర్ దానంతట అదే మూసుకోవడం, అంతే. గ్లాసు కాస్త పసుపుగా కనిపిస్తే కంగారు పడకు, ఆ తరం టకుమార్లలో కొన్నింటి గ్లాసులో థోరియం ఉండేది, కాలం గడిచేకొద్దీ పసుపు ఎక్కుతుంది, కొన్నాళ్లు ఎండలో పెడితే తగ్గుతుంది.

రెండోది నువ్వు అన్నిటికంటే ఎగిరి గంతేసినది, "కెనాన్ లెన్స్ ఎఫ్‌డి 50ఎంఎం 1:1.8 ఎస్.సి." కెనాన్ లెన్సు కెనాన్ కెమెరాకే కదా అని రాశావు. చెప్పడానికి బాధగానే ఉంది, ఈ నాలుగింటిలో నీ బాడీకి ఎక్కనిది ఇదొక్కటే అనుకో. 1987లో కెనాన్ వాళ్లు ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడు పాత ఎఫ్‌డిని పూర్తిగా వదిలేశారు. వెనక ఫోటో దగ్గరగా పెట్టి చూడు. బ్యారెల్ చివర వెండి రంగు రింగ్ ఒకటి విడిగా తిరుగుతుంది, దాని మీద ఎర్ర చుక్క. లెన్సు కదలకుండా ఉంటే ఆ రింగ్ ఒక్కటే తిరిగి బిగిసేది. లోపల రెండు లివర్లు, రెండు సన్నటి సందుల్లో కదిలేవి, ఇంకా చిన్న పిన్నులు. బంగారు రంగు ఎలక్ట్రిక్ కాంటాక్టులు ఒక్కటీ లేవు, ఈఎఫ్‌లో అయితే అవి వరసగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అపెర్చర్ రింగ్ అసలే ఉండదు. 1979 నుంచి వచ్చిన కొత్త రకం ఎఫ్‌డిలో ఆ వెండి రింగ్ మాయమై బ్యారెల్ మొత్తం తిరుగుతుంది, కానీ వెనక లివర్లు అలాగే ఉంటాయి.

ఎఫ్‌డి దూరం 42. అంటే నీ 44లో రెండు మిల్లీమీటర్లు తక్కువ. అడాప్టర్లు దొరకవా అంటే దొరుకుతాయి, లోపల గ్లాసు పెట్టి అమ్ముతారు, అది లెన్సుని కొంచెం దూరపు లెన్సుగా మార్చేసి మెత్తటి బొమ్మ ఇస్తుంది. ఒక్క పైసా పెట్టకు. ఎప్పుడైనా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొంటే అప్పుడు మామూలు రింగుతో అద్భుతంగా పనిచేస్తుంది, సోనీ ఈ మౌంట్ దూరం 18 మాత్రమే, చోటుకి కొదవ లేదు. ఇంకోటి, ఆ లెన్సుని చేతిలో పట్టుకుని అపెర్చర్ రింగ్ తిప్పితే బ్లేడ్లు కదలకపోతే జామ్ అయిందనుకోకు. కెమెరాకి బిగించకపోతే ఎఫ్‌డి చాలాసార్లు అలాగే మొండికేస్తుంది. పాడైందని చౌకగా అమ్మేయడం మాత్రం చెయ్యొద్దు.

మూడోది నాకు బాగా నచ్చింది. "నిక్కోర్-క్యూ ఆటో 1:3.5, 135." దీనికి వెనక ఫోటో లేదు, అయినా పక్క నుంచి చూస్తేనే తెలిసిపోతుంది, అపెర్చర్ రింగ్ మీద 5.6 అంకె దగ్గర ఇనుముతో చేసిన రెండు చెవుల కొమ్ము. పాత నికాన్ వాళ్లు మీటరుకి అపెర్చర్ చెప్పడానికి వాడేవాళ్లు, కుందేలు చెవులు అంటారు దాన్ని. వెనక చూస్తే మూడు పళ్ల బయోనెట్ ఉంటుంది, పెంటాక్స్ కె కి కూడా మూడు పళ్లే, అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కానీ చెవులు ఉన్నాయంటే సందేహం లేదు. పేరులో ఆ క్యూ ఎందుకో తెలుసా, లోపల గ్లాసులు ఎన్నో చెప్పే అక్షరం, లాటిన్, గ్రీకు లెక్క, క్యూ అంటే నాలుగు, హెచ్ అంటే ఆరు, ఎస్ అంటే ఏడు. అక్షరం ఉందంటే పాత తరానిదని అర్థం.

ఇక్కడ జాగ్రత్తగా విను. ఆ చెవులకి చిల్లులు లేవు, గట్టిగా నిండుగా ఉన్నాయి. అపెర్చర్ రింగ్ వెనక అంచు చుట్టూ ఒకేలా ఉంది, గాడి కోసినట్టు లేదు, అంకెల కింద రెండో వరస చిన్న అంకెలు లేవు. అంటే ఇది 1977లో వచ్చిన ఏఐ, అదే ఆటోమేటిక్ ఇండెక్సింగ్, పద్ధతికి ముందుది. మీ తమ్ముడి నికాన్ డి7200కి పెట్టి చూద్దామని వాడు అడుగుతాడు, ఒప్పుకోకు. ఆ బాడీ మౌంట్ పక్కన చిన్న కదిలే ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, పాత రింగ్ అంచు దాన్ని నేరుగా నొక్కి విరిచేస్తుంది. నీ కెనాన్‌కైతే ఇది భేషుగ్గా ఎక్కుతుంది, నికాన్ దూరం 46.5, అంటే 2.5 మిల్లీమీటర్ల ఖాళీ, రింగ్ అడాప్టర్ చౌకే.

నాలుగోది "ఈఎల్-నిక్కోర్ 50, 1:2.8." దీన్ని చూసి "ఫోకస్ రింగ్ విరిగిపోయింది, పారేయనా" అని అడిగావు. పారేయకురా నాయనా! అది కెమెరా లెన్సే కాదు, మీ మావయ్య డార్క్‌రూమ్‌లో ఫిల్ము బొమ్మని కాగితం మీద పెద్దగా వేసే ఎన్లార్జర్‌కి వాడిన లెన్సు. ఈఎల్ అంటే అదే. దానికి ఫోకస్ రింగ్ పుట్టుకతోనే లేదు, ఎన్లార్జర్‌లో లెన్సు బిగించిన పలకని పైకీ కిందకీ జరిపి ఫోకస్ చేసేవాళ్లు. వెనక థ్రెడ్ 39 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత లైకా లెన్సులకీ 39 థ్రెడ్డే, కానీ వాటికి ఫోకస్ రింగ్ ఉంటుంది కదా, అక్కడే తేడా దొరికిపోతుంది. లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే సాగే గొట్టం, బెల్లోస్ అంటారు, అది దొరికితే దీంతో పువ్వులూ పురుగులూ దగ్గరగా తీసుకోవచ్చు. దూరం ఫోకస్ మాత్రం ఆశించకు.

మర చుట్ల లెన్సు దేనికైనా స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే 39కీ 42కీ తేడా కంటికే కనిపిస్తుంది. మోసం చేసేది ఇంకోటి ఉంది, టి2 అంటారు, దానిదీ 42 మిల్లీమీటర్లే కానీ చుట్టు ఎడం 0.75. ఎం42 అడాప్టర్‌లో పెడితే మొదట తిరుగుతుంది, ఒకటో రెండో చుట్లకి బిగుసుకుపోతుంది. అక్కడితో ఆపెయ్, బలం చూపిస్తే థ్రెడ్ పోతుంది.

ఇక ఐదోది. "వివిటార్ 70-210 మాక్రో" అని ముందు కనిపిస్తోంది, ఇలాంటి బయటి కంపెనీలు ఒకే లెన్సుని నాలుగైదు మౌంట్లకి చేసి అమ్మేవి కాబట్టి ముందు వైపు పేరు చూసి ఏమీ చెప్పలేం. ఒక పని చెయ్, మూత తీసేసి కిటికీ పక్కన బల్ల మీద పెట్టు, ఫోన్ని నేరుగా పైన పట్టుకుని వెనక భాగం ఫోటో తీయి, అంచుకి ఆనించి స్కేలు పెట్టు, ఫ్లాష్ వెయ్యకు, ఇనుము తెల్లగా మెరిసిపోయి లివర్లు కనబడవు. ఇంకోటి పక్క నుంచి, మౌంట్ దగ్గరి అంచు, అపెర్చర్ రింగ్ రెండూ వచ్చేలా. మౌంట్ దగ్గర చిన్న అక్షరాలు ఏమైనా ఉంటే, పి/కె అనో సి/ఎఫ్‌డి అనో ఉండొచ్చు, అవీ చదివి పంపు. సీరియల్ నంబర్ మొదటి రెండు అంకెలు కూడా కావాలి, 22 అయితే కినో, 28 అయితే కొమినె, 37 అయితే టొకినా చేసిందని తెలుస్తుంది. తీస్తున్నప్పుడు లోపల టార్చ్ వేసి సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడు, తెనాలి గాలికి అది పట్టే అవకాశమే ఎక్కువ, ఉంటే మిగతా వాటికి దూరంగా పెట్టు.

ఎం42 అడాప్టర్ నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, పండక్కి వచ్చినప్పుడు తెస్తాను, నికాన్‌ది నువ్వు కొనుక్కో. వివిటార్ ఫోటోలు రాగానే చెప్తా.

నీ
రాము