డీమ్యాట్ ఖాతాలో తప్పుగా కోసిన ఏఎంసీ, డీపీ ఛార్జీల గురించి ఫిర్యాదు

తేదీ: 08-12-2025

గ్రీవెన్స్ విభాగం అధికారి గారికి,

అయ్యా / అమ్మా,

ఈ ఏడాది ఏప్రిల్ 9న మీ దగ్గర తెరిచిన నా డీమ్యాట్ ఖాతా లెడ్జర్‌లో మూడు రకాల కోతలు కనిపించాయి. అవి ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాను. బీఓ ఐడీ జతచేసిన స్టేట్‌మెంటు మీద ఉంది.

మొదటిది వార్షిక నిర్వహణ రుసుము, అంటే ఏఎంసీ. జులై 9న ఒకసారి, అక్టోబర్ 9న మరోసారి రూ. 88.50 చొప్పున కోశారు. రూ. 75 ఏఎంసీ, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 13.50. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "మీది రెగ్యులర్ ఖాతా అండీ, బీఎస్‌డీఏ కాదు, అందుకే పడింది" అన్నారు. నా ఫిర్యాదు సరిగ్గా దాని గురించే. అది రెగ్యులర్ ఖాతా ఎందుకయింది?

2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న సెబీ నిబంధన ప్రకారం, అర్హత ఉన్నవారికి డీపీ, అంటే మీలాంటి డిపాజిటరీ పార్టిసిపెంటు, బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతానే, అంటే బీఎస్‌డీఏనే తెరవాలి. రెగ్యులర్ ఖాతా కావాలని ఖాతాదారు ప్రత్యేకంగా ఈమెయిల్‌లో సమ్మతి తెలిపితేనే దానికి మినహాయింపు. అలాంటి మెయిల్ నేను పంపలేదు. పంపానని మీరంటే దాని కాపీ, తేదీతో సహా చూపించండి. ఖాతా తెరిచేటప్పుడు యాప్‌లో ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతి కింద లెక్కించవద్దని మనవి.

అర్హత విషయంలో అనుమానం ఉండనక్కర్లేదు. ఏకైక లేదా మొదటి హోల్డరుగా ఒక్క డీమ్యాట్ ఖాతాయే ఉండాలి, అందులోని విలువ ఏనాడూ రూ. 10 లక్షలు దాటకూడదు. నా పాన్ మీద వచ్చిన కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంటులో మీ ఖాతా ఒక్కటే ఉంది, వేరే బ్రోకరు దగ్గర ఇంకోటి లేదు. హోల్డింగ్స్ విలువ అత్యధికంగా చేరింది రూ. 62,400. రూ. 4 లక్షల లోపు ఉన్న బీఎస్‌డీఏకు ఏఎంసీ సున్నా. రూ. 4 లక్షలు దాటి రూ. 10 లక్షల వరకు అయినా ఏడాదికి రూ. 100 మించకూడదు. నా క్లయింట్ మాస్టర్ లిస్టులో మాత్రం బీఎస్‌డీఏ దగ్గర "No" అని ఉంది. తప్పంతా ఆ ఒక్క గడిలో ఉంది. దాన్ని సరిచేయకుండా డబ్బు మాత్రం వెనక్కిస్తే జనవరిలో మళ్ళీ రూ. 88.50 పడుతుంది.

రెండోది డీపీ ఛార్జీ. నవంబర్ 18న ఒకే కంపెనీ షేర్లు 20 అమ్మాను, ఉదయం 12, మధ్యాహ్నం 8. లెడ్జర్‌లో "DP CHARGES" పేరుతో రూ. 15.93 రెండుసార్లు పడింది (రూ. 13.50కి జీఎస్టీ రూ. 2.43 కలిపి). మీ టారిఫ్ షీటులో ఈ రుసుము "ఒక్కో స్క్రిప్‌కు, రోజుకు" అనే రాసి ఉంది, ఆర్డరుకు ఇంత అని కాదు. డిపాజిటరీ అయిన సీడీఎస్‌ఎల్ ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంటులోనూ ఆ రోజు 20 షేర్లు ఒకే డెబిట్‌గా వెళ్ళాయి. డెబిట్‌కు సీడీఎస్‌ఎల్ మీ దగ్గర తీసుకునేది రూ. 3.50. డెబిట్ ఒక్కటే కాబట్టి రెండోసారి కోసిన సొమ్ములో ఆ వాటా కూడా లేదు, మొత్తం మీ దగ్గరే మిగిలింది. మిగతా 5 షేర్లు నవంబర్ 20న అమ్మినప్పుడు పడిన రూ. 15.93 మాత్రం న్యాయమే, అది వేరే రోజు. దాని మీద నాకు అభ్యంతరం లేదు.

ఈ ఛార్జీ కాంట్రాక్ట్ నోట్‌లో కనపడదు, లెడ్జర్‌లోనే పడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు కాంట్రాక్ట్ నోట్ చూసి లెక్క సరిపోయిందనుకుంటారు. అమ్మకం ఆర్డరు తెరమీదే ఈ రుసుము చూపిస్తే బాగుంటుంది.

మూడోది 94 పైసలు. అక్టోబర్ 9న ఏఎంసీ కోసేసరికి లెడ్జర్‌లో ఉన్నది రూ. 41. దాంతో ఖాతా రూ. 47.50 మైనస్‌లోకి వెళ్ళింది. నవంబర్ 18 వరకు 40 రోజులకు, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ వేశారు. పడకూడని ఏఎంసీ వల్ల వచ్చిన మైనస్ మీద వడ్డీ ఎలా వేస్తారు?

కాబట్టి ఏఎంసీ రూ. 177, రెండోసారి పడిన డీపీ ఛార్జీ రూ. 15.93, వడ్డీ రూ. 0.94, మొత్తం రూ. 193.87 లెడ్జర్‌లో తిరిగి జమ చేయండి. ఖాతాను తెరిచిన తేదీ నుంచే బీఎస్‌డీఏగా మార్చి, సవరించిన క్లయింట్ మాస్టర్ లిస్టు పంపండి. ఫిర్యాదు నంబరు మెయిల్‌లో తెలపండి. 21 రోజుల్లో పరిష్కారం రాకపోతే ఇవే కాగితాలతో సెబీ స్కోర్స్‌లో ఫిర్యాదు చేస్తాను.

జతచేసినవి: ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు లెడ్జర్, నవంబర్ 18 నాటి కాంట్రాక్ట్ నోట్, సీడీఎస్‌ఎల్ ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంటు, కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంటు, క్లయింట్ మాస్టర్ లిస్టు, మీ టారిఫ్ షీటు.

ఇట్లు,
ఖాతాదారు