ఆలస్యం వంటింటిదైతే రేటింగు కోత డెలివరీ అబ్బాయికా?

సంపాదకులకు నమస్కారం.

ఫోనులో భోజనం తెప్పించుకోవడం తిరుపతిలో ఇప్పుడు ఇంటింటా ఉన్నదే. పార్సిల్‌లో ఏ లోపం కనిపించినా చాలామంది ముందుగా తగ్గించేది తెచ్చిన అబ్బాయి రేటింగునే. మన ఎదుట నిలబడేది అతనొక్కడే కాబట్టి కోపం అతని మీదికే పోతుంది. ఇది అన్యాయమని గట్టిగా చెప్పడానికే ఈ లేఖ.

ఈమధ్య మా ఇంటికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేరుశనగ పచ్చడి తెప్పించాం. రాత్రి 7.40కి హోటల్ ఆర్డరు తీసుకుంది. 35 నిమిషాల్లో వస్తుందని యాప్ చెప్పింది. వచ్చేసరికి 8.40 అయింది. పులుసు ఒలికి సంచి అడుగంతా జిడ్డు. పచ్చడి లేనే లేదు. పైగా మూడో అంతస్తుకు తెమ్మని రాసినా, ఫోనైనా చేయకుండా పార్సిల్‌ను కింద వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంట్లో అందరి మాటా ఒకటే: ఒక్క స్టార్ ఇవ్వమని.

ఆ మాట వినకుండా యాప్‌లో వచ్చిన సందేశాల వేళలు చూశాను. అబ్బాయి 7.52కే హోటల్ చేరాడు. పార్సిల్ అతని చేతికి వచ్చింది 8.21కి. అంటే 29 నిమిషాలు కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాడు. లీలామహల్ కూడలి వైపు నుంచి ఎం.ఆర్.పల్లికి ఆ వేళ రద్దీలో 19 నిమిషాలు పట్టడం మామూలే. ఆలస్యం పూర్తిగా వంటింటిదే. ఎప్పుడు తెచ్చాడన్నది మాత్రమే చూస్తే ఇది తెలియదు. ఎప్పుడు చేతికందిందో కూడా చూడాలి.

ఒలికిన పులుసు విషయంలో డబ్బానే సాక్ష్యం. బండి మీద పడిపోయి ఉంటే డబ్బా పక్కకు ఒరిగి, సంచిలో ఒక పక్కనే ఎక్కువ మరక ఉంటుంది. ఒక్కోసారి డబ్బా అంచు పగులుతుంది. మాకు వచ్చిన డబ్బా నిటారుగానే ఉంది. మూత అంచు చుట్టూ కారింది. పులుసు అంచుదాకా నింపారు. పొగలు కక్కుతుండగానే పలుచని మూత నొక్కేస్తే ఆవిరి దాన్ని పైకి తోస్తుంది, వేడికి మూత మెత్తబడి పట్టు వదులుతుంది. ఆ డబ్బాను ఎంత జాగ్రత్తగా తెచ్చినా కారుతుంది. ఆ డబ్బాను ఎంచుకున్నదీ, నింపినదీ హోటలే. అందుకే ప్యాకింగ్ లోపాన్ని ఆ సంగతి స్పష్టంగా రాసి, హోటల్ రేటింగులోనే చూపాలి.

పచ్చడి సంగతి ఇంకా తేలిక. సంచికి వేసిన స్టిక్కరు చిరగలేదు, పిన్నులు కదలలేదు. లోపల ఏముందో తెచ్చినవాడికి తెలిసే వీలు లేదు. అది సర్దినవారి మరుపు. స్టిక్కరు చిరిగి ఉంటే మాత్రం వేరే విచారణ అవసరం. అందుకే సంచి విప్పకముందే ఒక ఫొటో తీసుకోవడం మంచిది. డబ్బు వాపసు అడిగేటప్పుడూ అదే పనికొస్తుంది. ఆ అభ్యర్థన సహాయ విభాగంలో పెట్టాలి. రేటింగు కింద ఎంత కోపంగా రాసినా డబ్బు తిరిగి రాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు సంస్థ 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇక అబ్బాయి తప్పు ఒక్కటే, చెప్పకుండా కింద వదిలి వెళ్లడం. దానికి ఒక స్టార్ తగ్గించి, కారణం రాశాను. రుచికి వంక పెట్టలేం. అయినా ఆలస్యం, మూత, పచ్చడి మూడూ హోటల్‌వే కనుక దానికి రెండు స్టార్లే ఇచ్చాను.

ఈ లెక్క ఎందుకంటే, ఒకే స్టార్ బరువు అందరికీ ఒకటి కాదు. పనిలో కొత్తగా చేరిన అబ్బాయికి తొమ్మిది మంది అయిదేసి స్టార్లు ఇచ్చాక పదో మనిషి ఒక్కటి ఇస్తే అతని సగటు 4.6కు పడుతుంది. వెయ్యి మంది రేటింగులున్న హోటల్‌కు అదే ఒక్క స్టార్ తగిలినట్టే తెలియదు. కాబట్టి తప్పు చేసిన హోటల్‌కు చెక్కుచెదరదు, చేయని మనిషికి మాత్రం పనిలో పేరు పోతుంది.

డెలివరీ సంస్థలు రేటింగు అడిగే చోటే మూడు వేళలూ చూపాలి: హోటల్‌కు చేరింది, పార్సిల్ అందుకున్నది, ఇంటికి తెచ్చింది. ప్యాకింగ్‌కు విడిగా ఒక ప్రశ్న ఉండాలి. నగరంలోని హోటళ్ల యజమానులు పులుసు, సాంబారు డబ్బాల్లో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి.