శ్రీశైలం బస్సు గురించి మా పాత ప్రయాణికులకు

"అన్నా, మీ గైడ్ మైకులో అరగంట చెప్పాడు, డోర్నాలలో బాత్రూమ్‌కి ఆపుతామన్నాడు. అక్కడ తాళం. తర్వాత అడవిలో మా అమ్మ ఏడుస్తుంటే కూడా బస్సు ఎందుకు ఆపలేదు?"

ముందుగా అమ్మగారికి క్షమాపణ. ఫోన్లో చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. తప్పు మాదే, గైడ్‌ది కాదు, డ్రైవర్‌ది అసలే కాదు.

జరిగింది ఇది. మన బస్సు విజయవాడలో రాత్రి 11కి బయల్దేరి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా తెల్లవారుజామున నాలుగున్నరకి డోర్నాల చేరుతుంది. అడవి రోడ్డు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి అక్కడ ఎలాగూ ఆగాలి, బాత్రూమ్‌లకి అదే సరైన టైమ్. అందుకే ఊళ్లో ఒక హోటల్ వాళ్లకి మూడేళ్లుగా నెలనెలా డబ్బు కడుతున్నాను. టిఫిన్ కోసం కాదు, ఆ టైముకి బాత్రూమ్ తలుపు తీసి ఉండాలి, లైటు వెలగాలి, నీళ్లు రావాలి, అంతే. మొన్న వెళ్తే తాళం. మోటారు ముందురోజు మధ్యాహ్నమే కాలిపోయిందట. ఒక్క ఫోన్ చేస్తే వినుకొండలోనే పావుగంట ఎక్కువ ఆపేవాళ్లం కదా! మగవాళ్లు ఎక్కడో సర్దుకున్నారు, ఆడవాళ్లు 19 మంది సర్దుకోలేకపోయారు. మూడేళ్లలో ఒక్క నెల డబ్బు ఆలస్యం చేయని నన్ను అంత తేలిగ్గా తీసుకున్నందుకు ఇప్పటికీ మనసులో మండుతూనే ఉంది. ఆ హోటల్‌తో లెక్క తేల్చేశాను, మళ్లీ ఆ గుమ్మం తొక్కను.

ఇక అడవిలో ఆపకపోవడం. దీని గురించి నాలుగు రాత్రులు ఆలోచించాను. మా అమ్మే ఆ సీట్లో ఉంటే డ్రైవర్‌ని ఏమనేవాడిని అని. చివరికి నా నిర్ణయం ఇది: గేటు దాటాక శిఖరం దాకా బస్సు ఆగదు. ఇకముందూ ఆగదు. అది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, దారిలో దిగడానికి ఒప్పుకోరు. పైగా ఘాట్‌లో మలుపు తిరిగి వచ్చే బండికి ఆగి ఉన్న మన బస్సు దగ్గరికి వచ్చేదాకా కనపడదు, పక్కకి తీసే చోటూ ఉండదు. నాకు ఎవరు ఎంత కోపంగా ఫోన్ చేసినా ఈ మాట మారదు.

కాబట్టి మార్చాల్సింది గేటుకి ముందున్నదే. వినుకొండ పెట్రోల్ బంకులో 10 నిమిషాలు కాదు, 25 నిమిషాలు ఆపుతాం, అందరినీ లేపుతాం, నిద్ర పాడైందని విసుక్కోకండి. డోర్నాలలో వేరేచోట మాట్లాడాను, వినుకొండ నుంచే గైడ్ అక్కడికి ఫోన్ చేసి నీళ్లు వస్తున్నాయో లేదో కనుక్కుంటాడు. బాత్రూమ్‌కి భయపడి నీళ్లు మానేయకండి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు. బీపీకి నీళ్లు పోయే మాత్ర వాడేవాళ్లు ప్రయాణం రోజు ఏ టైముకి వేసుకోవాలో మీ డాక్టరునే అడగండి, మాకు చెబితే తలుపు దగ్గర సీటు ఇస్తాం.

మైకులో చెప్పేదీ మార్చాం. రాత్రి 11కి గుడి పద్ధతులు చెబితే తెల్లారేసరికి ఎవరికి గుర్తుంటాయి? బయల్దేరేటప్పుడు ఎమర్జెన్సీ తలుపు, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో మాత్రమే చూపిస్తాడు. గేటు దగ్గర ఘాట్ సంగతులు: లేచి నిలబడొద్దు, చేతులు బయట పెట్టొద్దు, కోతులకి ఏమీ వేయొద్దు, వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు అప్పుడే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే అంతగా పని చేయదు. గుడి సంగతులు సాక్షి గణపతి దగ్గర చెబుతాడు. స్పర్శ దర్శనం టికెట్ ఉన్న మగవాళ్లకి పంచె, ఆడవాళ్లకి చీర లాంటి సంప్రదాయ దుస్తులు ఉండాలి, అక్కడికెళ్లాక కొనుక్కుందామంటే టికెట్ టైమ్ దాటిపోతుంది.

ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బస్సులోనే వదలండి. మనకి ఆలస్యం జరిగేది ఇక్కడే. చేతిలో ఫోన్ లేకపోతే టైమ్ తెలియదు, విడిపోయినవాళ్లని పిలవలేం. ఇంటికొకరు చేతి గడియారం పెట్టుకోండి. గైడ్, డ్రైవర్ నంబర్లున్న చీటీ ప్రతి ఒక్కరికీ ఇస్తాం, జేబులో ఉంచుకోండి. సాయంత్రం ఐదున్నరకి బస్సు కదులుతుంది. గేటు మూసేది 9కి కదా, అంత తొందరేంటి అని అడుగుతున్నారు. కిందికి గంటన్నర పైనే పడుతుంది, దారిలో టైరు పంక్చరైతే ఇంకో గంట. గేటు మూసేస్తే పిల్లలతో, పెద్దవాళ్లతో పొద్దుటిదాకా కొండమీదే ఉండిపోవాలి.

వచ్చే శనివారం బస్సులో నేనే వస్తున్నాను, డోర్నాలలో ముందు దిగి తలుపు, నీళ్లు చూసుకునేది నేనే. అమ్మగారికి 3వ నంబరు సీటు ఉంచాను. రావాలనిపిస్తే రమ్మనండి, డబ్బులు తీసుకోను.